ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫాలోవర్‌ను చప్పుడు లేకుండా తొలగించడం: నా అనుభవం

మా చెల్లెలి ఫొటోలకు ఎన్ని లైకులు వచ్చాయో లెక్కపెట్టి, ఇంటిల్లిపాదికీ చెప్పే బంధువు ఒకరున్నారు. బ్లాక్ చేస్తే ప్రొఫైల్ మాయమై గొడవవుతుంది. స్టోరీలు దాచినా పోస్టులు కనిపిస్తూనే ఉన్నాయి. ఫాలోవర్ల సంఖ్యను దాచే మీట ఎంత వెతికినా లేదు.

చివరికి పనికొచ్చింది ఈ కింది వరుసలో చేయడం. ముందుగా అకౌంటును ప్రైవేటుగా మార్చాం. అలా మార్చినా పాత ఫాలోవర్లు అలాగే ఉంటారు కాబట్టి, ఆ తరువాత ప్రొఫైల్‌లో ఫాలోవర్ల జాబితా తెరిచి, ఆ పేరు పక్కన Remove నొక్కాం. అవతలివారికి కబురు వెళ్లదు. పబ్లిక్ అకౌంటులోనే తొలగిస్తే ఆయన మళ్లీ ఫాలో నొక్కి వచ్చేయవచ్చు; ప్రైవేటులో అయితే అనుమతి అడగాల్సిందే. చెల్లెలు ఆయనను ఫాలో అవుతుంటే అది దానంతటది ఆగదు, విడిగా మానుకోవాలి.

చివరగా ఒక్కో పోస్టు మూలనున్న మూడు చుక్కల్లో Hide like count to others ఎంచుకున్నాం. దీనితో సంఖ్య మాత్రమే పోతుంది. మిగిలిన ఫాలోవర్లు లైకుల వరుసను నొక్కితే పేర్లు కనిపిస్తాయి, ఓపికుంటే లెక్కపెట్టుకోవచ్చు.

తొలగించిన వ్యక్తికి ప్రొఫైల్ ఫొటో, పరిచయ వాక్యం, ఫాలోవర్ల సంఖ్య ఇప్పటికీ కనిపిస్తాయి. ప్రొఫైల్ తెరిస్తే పోస్టులు లేవని గమనించి విషయం గ్రహించవచ్చు కూడా. మాకైతే ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీ యాప్‌లో మీటల పేర్లు కొద్దిగా వేరుగా ఉండవచ్చు.