లిఫ్ట్‌లో వీపీ ఎదురుపడితే ఏం మాట్లాడాలి

అమెరికా ఆఫీసులో చేరిన కొత్తలో ఇది ఎవరికైనా తప్పదు. లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా మీ మేనేజర్‌కి మేనేజరో, ఆ పైనున్న వీపీనో లోపలికొచ్చి 'హే, హౌ ఈజ్ ఇట్ గోయింగ్?' అంటారు, మనవాళ్లు చాలామంది నవ్వీ నవ్వనట్టు నవ్వి ఫోన్‌లోకి తల దించేస్తారు.

అది ఊరికే పలకరింపు. 'గుడ్, హౌ ఆర్ యూ?' అని ముఖం చూసి అంటే సరిపోతుంది, అపార్ట్‌మెంట్ దొరకని కథంతా అక్కడ విప్పక్కర్లేదు. సర్, మేడమ్ కూడా వద్దు. చాలా ఆఫీసుల్లో ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలుస్తారు. మనకి మొదట్లో నోరు రాదనుకోండి, అప్పుడు అసలు ఏమీ పిలవకుండా మాట్లాడినా ఎవరూ ఏమీ అనుకోరు. వాళ్లు ఫోన్ చూసుకుంటున్నా, చెవిలో ఇయర్‌బడ్స్ ఉన్నా అంతటితో ఆపేయండి.

మీవైపే చూస్తూ ఉన్నారంటే మాత్రం మిమ్మల్ని పరిచయం చేసుకోవచ్చు. బ్యాడ్జీ మీద ఇంటిపేరుతో సహా మూడు ముక్కల పేరున్నా పిలిచే పేరొక్కటే నిదానంగా చెప్పండి, తర్వాత ఎవరి టీమ్, ఏం పని. ఈ మూడోదే ముఖ్యం. 'బ్యాకెండ్‌లో మైక్రోసర్వీసెస్ మైగ్రేషన్ చేస్తున్నా' అంటే ఆయన తలూపి ఊరుకుంటారు. అదే పనిని కస్టమర్ వైపు నుంచి, 'రిఫండ్ డబ్బులు తొందరగా వెళ్లేలా పాత సిస్టమ్ మారుస్తున్నాం' అన్నారనుకోండి, 'ఓ, ఎప్పటికవుతుంది?' అని ఆయనే అడుగుతారు.

ఆ ప్రశ్న మాత్రం పలకరింపు కాదు. నిజమే చెప్పాలి, కానీ ఒక్క వాక్యంలో: 'సగం అయింది, వచ్చే వారం టెస్టింగ్ మొదలవుతుంది.' తేదీ మీకే ఖాయంగా తెలియకపోతే ఆయన్ని మెప్పించాలని ఏదో ఒకటి చెప్పేయకండి. మీ నోట్లోంచి వచ్చిన ఆ తేదీ సాయంత్రానికల్లా మీ మేనేజర్ నెత్తిన పడుతుంది. లిఫ్ట్‌లో ఇంకెవరైనా ఉంటే, ముఖ్యంగా వేరే కంపెనీలు కూడా ఉన్న బిల్డింగ్‌లో, క్లయింట్ పేరు ఎత్తొద్దు. గ్రీన్ కార్డ్ ఎప్పుడు మొదలుపెడతారు, మేనేజర్ పట్టించుకోవట్లేదు, ఇలాంటివి అసలే వద్దు.

తలుపు తెరుచుకోగానే 'నైస్ మీటింగ్ యూ, హావ్ ఎ గుడ్ వన్' అనేసి దిగిపోండి. మాట సగంలో ఉంది కదా అని చెయ్యి అడ్డంపెట్టి తలుపు ఆపడం బాగోదు. కారిడార్‌లోనూ ఇంతే, ఆయన నడక తగ్గిస్తేనే మీరూ తగ్గించండి.

'సమ్‌టైమ్ కాఫీ తాగుదాం' అన్నది చాలాసార్లు మాటవరసకే. 'ఆ వివరాలు నాకు పంపు' అంటే మాత్రం నిజంగానే పంపమని. సీటుకి రాగానే ముందు మీ మేనేజర్‌కి 'లిఫ్ట్‌లో ఫలానా ఆయన కలిశారు, రిఫండ్ సంగతి అడిగారు' అని చాట్‌లో ఒక ముక్క పెట్టి, మెయిల్‌లో మీ మేనేజర్‌ని సీసీలో ఉంచి ఆ రోజే పంపేయండి.