కారణం కంటే ముందే వచ్చిన ఎర్రర్లు

రుషికొండలోని మా ఆఫీసులో పేమెంట్ సర్వీసు ఆగిపోయిన మర్నాడు, పైవాళ్ల రివ్యూకి టైమ్‌లైన్ రాసే పని నాకు పడింది. నా డ్రాఫ్టులో ఎర్రర్లు తెల్లవారుజామున 3:42కే మొదలయ్యాయి, వాటికి కారణమైన మార్పు మాత్రం ఉదయం 9:10కి జరిగింది! ఒకటే టెన్షన్.

తీరా చూస్తే సర్వర్ లాగ్ యూటీసీలో ఉంది, మా చాట్ మన టైములో. లాగ్‌కి అయిదున్నర గంటలు కలిపితే 9:12. డేటాబేస్ కనెక్షన్ల పరిమితిని ఎవరో 100కి బదులు 10 అని పెట్టారు. ఆ పేరు రాయలేదు, రివ్యూ లేకుండా ఆ మార్పు ఎలా వెళ్లిందో రాశాను. 9:52కి పాత విలువ పెట్టాం.

నష్టం ఆరు గంటలు కాదు, 40 నిమిషాలు. అందులో అలర్ట్ రావడానికే 19 నిమిషాలు పట్టింది. పైవాళ్లు ఎక్కువగా అడిగింది దాని గురించే. అందుకే అలర్ట్ సరిచేసే పనికి ఒక మనిషిని, ఒక తేదీని రాసి ఇచ్చాను.