వానాకాలం జ్వరం: ఫోనుకు వచ్చిన రిపోర్టులో ఉన్నదెంత?

ఆగస్టు వచ్చిందంటే విజయవాడలో జ్వరాల కాలం. సూర్యారావుపేటలో ల్యాబుల ముందు పొద్దున్నే జనం బారులు తీరతారు, సాయంత్రానికి రిపోర్టులు ఫోన్లకు చేరతాయి. నేను అలాంటి ఒక ల్యాబులోనే పనిచేస్తాను. మేం పంపిన నాలుగు వరుసలను ఇంట్లో ఎలా చదువుకుంటారో మాత్రం కిందటేడు మా బాబాయికి జ్వరం వచ్చేదాకా నాకు సరిగా తెలియలేదు.

ఆయన సింగ్‌నగర్ నుంచి శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేశారు. "డెంగ్యూ లేదట అమ్మా. ప్లేట్‌లెట్లు కూడా పెరిగాయి. జ్వరం తగ్గింది, ఇక డాక్టరు గారి దగ్గరకు ఎందుకు?" అన్నారు. వాళ్ల వీధి క్లినిక్ పంపిన సందేశాన్ని నాకు పంపమన్నాను.

```
NS1 Ag (Card): Negative
Platelets: 98 x10^3/µL
PCV: 47 %
Please correlate clinically
```

మొదటి వరుస చెప్పేది ఒక్కటే. ఆ పొద్దున తీసిన రక్తంలో, కార్డు పరీక్షకు, ఎన్ఎస్1 అనే వైరస్ ప్రొటీన్ దొరకలేదు. డెంగ్యూ లేదని అందులో ఎక్కడా లేదు. ఆ ప్రొటీన్ జ్వరం మొదలైన తొలి రోజుల్లో బాగా దొరుకుతుంది, అయిదో రోజు దాటాక తగ్గిపోతూ ఉంటుంది. ఇదివరకు ఒకసారి డెంగ్యూ వచ్చినవారిలో ఇంకా ముందే కనుమరుగు కావచ్చు. బాబాయికి జ్వరం ఆదివారం పొద్దున మొదలైంది, అంటే రక్తం ఇచ్చింది ఆరో రోజున. ఆ దశలో చూడవలసింది ఐజీఎం, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాల పరీక్ష. అది చేయనేలేదు. చేయని పరీక్ష గురించి సందేశం ఏమీ చెప్పదు, మనమే దాన్ని "లేదు" అని చదువుకుంటాం.

రెండో వరుస దగ్గర ఆయన పొరపాటు చూసి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. బుధవారం వేరే ల్యాబు ఇచ్చిన కాగితంలో 1.31 అని ఉంది. ఇప్పుడు 98. పెరిగినట్టే కదా అనుకున్నారు! ఆ కాగితంలో లెక్క లక్షల్లో, ఈ సందేశంలో వేలల్లో. అంటే 1,31,000 నుంచి 98,000కు పడిపోయింది. సాధారణంగా లక్షన్నరకు పైన ఉండాలి. అంకె పక్కన ఉన్న కొలమానం చూడకుండా రెండు రిపోర్టులను పోల్చకూడదు, వీలైతే రెండోసారీ అదే ల్యాబులో ఇవ్వడం మేలు. ఒక్కోసారి సీసాలో ప్లేట్‌లెట్లు ఉండకట్టి యంత్రం తక్కువగా లెక్కిస్తుంది. ఆ అనుమానం ఉంటే స్లైడు మీద చూడాలి.

అందరూ దాటేసేది మూడో వరుస. పీసీవీ అంటే రక్తంలో ఎర్రకణాల వంతు. బుధవారం 41, శుక్రవారం 47. డెంగ్యూలో రక్తనాళాల నుంచి నీరు బయటకు కారితే రక్తం చిక్కబడి ఈ అంకె పైకి పోతుంది. పైగా అది జరిగేది ఎక్కువగా జ్వరం దిగే రోజుల్లోనే. 41 నుంచి 47 అంటే నీరు కారుతున్నదా, లేక ఆయన సరిగా నీళ్లు తాగలేదా, లేక రెండు యంత్రాల తేడానా? అది నేను చెప్పగలిగేది కాదు. బీపీ, నాడి, పొట్ట చూసి డాక్టరు తేల్చాలి. ఆఖరి వరుస అడిగేది అదే: ఈ అంకెలను రోగితో కలిపి చూడండి అని. చాలామంది దాన్ని ఉత్తరం చివర రాసే నమస్కారంలా వదిలేస్తారు.

ఆ సాయంత్రమే తీసుకువెళ్లాం. ఐజీఎం పాజిటివ్ వచ్చింది. రెండు రోజులు ఉంచి, సెలైన్ పెట్టి, పీసీవీని మళ్లీ మళ్లీ చూశారు. ప్లేట్‌లెట్లు ఎక్కించలేదు. రక్తస్రావం లేనప్పుడు 98 వేలకు అది అవసరం లేదన్నారు.

ఈసారి వానలకు ముందే మా పిన్ని క్యాలెండర్ పక్కన పెన్ను కట్టింది. ఎవరికి జ్వరం తగిలినా ఆ రోజు, ఆ పూట గడిలో రాయాలి. డాక్టరు మొదట అడిగేది అదే, సందేశంలో ఉండనిదీ అదే. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు, రక్తస్రావానికి దారితీయవచ్చు. ఆగని వాంతులు, కడుపులో గట్టి నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి బయలుదేరాలి.

క్లినిక్ నుంచి సందేశం రాగానే తిరిగి ఫోను చేసి మూడే అడగండి. రక్తం ఏ రోజు తీసినది? ఐజీఎం కూడా చేశారా? ఈ రిపోర్టును డాక్టరు గారు చూశారా, లేక యంత్రం నుంచి నేరుగా పంపారా? మూడోదానికి "ఇంకా చూడలేదండీ" అన్న జవాబే మా ల్యాబులో ఎక్కువ.