ట్యాంకు నిండుగానే ఉంది, పైపులో నీళ్లు మాత్రం తగ్గాయి

సమస్య: ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి 200 మీటర్ల దూరం నీళ్లు తెచ్చే పాత జీఐ పైపు. లోపలి వ్యాసం 50 మి.మీ., ట్యాంకులో నీటి మట్టానికీ పైపు చివరికీ ఎత్తు తేడా 13 మీటర్లు. కొత్తలో 200 లీటర్ల డ్రమ్ము 67 సెకన్లలో నిండేది, అంటే సెకనుకు 3 లీటర్లు. ఇప్పుడు 100 సెకన్లు పడుతోంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఒకేచోట అడ్డు పడిందా, లేక పైపు పొడవునా రాపిడి పెరిగిందా? నీళ్లు పారుతుండగా దారిలో మూడు నాలుగు చోట్ల ప్రెషర్ గేజ్ పెట్టి చూడండి. నేల ఎత్తుపల్లాలను లెక్కలోకి తీసుకోవాలి. 10 మీటర్ల ఎత్తు అంటే దాదాపు 1 కిలో ప్రెషర్. ఒక్క వాల్వు దగ్గరే ప్రెషర్ పడిపోతే తప్పు ఆ వాల్వుదే. పొడవునా సమంగా తగ్గుతూ వస్తే పైపు లోపలి గోడను అనుమానించాలి.

కారణం: సెకనుకు 2 లీటర్లంటే నీటి వేగం సెకనుకు సుమారు 1 మీటరు. ప్రవాహం సాఫీగా సాగుతుందో సుడులు తిరుగుతుందో చెప్పే రేనాల్డ్స్ సంఖ్య, అంటే Re, 60 వేల పైన. పొరలు పొరలుగా సాఫీగా సాగే లామినార్ ప్రవాహం దాదాపు 2,300 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఇది కచ్చితంగా సుడులు తిరిగే టర్బులెంట్ ప్రవాహం. ఇలాంటి ప్రవాహంలోనూ గోడను అంటిపెట్టుకుని నెమ్మదిగా కదిలే ఒక పలచని పొర ఉంటుంది. ఇక్కడ దాని మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పాటి. తుప్పు గడ్డలు దాన్ని దాటి పైకి పొడుచుకొచ్చి, వేగంగా పోయే నీటిలో సుడులు రేపుతాయి. ప్రెషర్ అక్కడ ఖర్చవుతుంది.

```
h = f × (L/D) × V²/(2g)
```

ఇందులో h రాపిడికి పోయే ఎత్తు, f రాపిడి గుణకం, L పైపు పొడవు, D లోపలి వ్యాసం, V నీటి వేగం, g గురుత్వ త్వరణం. 13 మీటర్లూ రాపిడికే పోయాయనుకుని లెక్కిస్తే f సుమారు 0.06 వస్తుంది. కొత్త జీఐ పైపుకు గరుకుదనం 0.15 మి.మీ.గా తీసుకుంటే 0.028 రావాలి. 0.06 రావాలంటే గరుకుదనం దాదాపు 1.8 మి.మీ. ఉండాలి. గరుకు పన్నెండు రెట్లయితే f రెట్టింపుకు కాస్త ఎక్కువైంది, నీళ్లు మూడో వంతు తగ్గాయి. నిజానికి తుప్పు వ్యాసాన్నీ తగ్గిస్తుంది కాబట్టి ఈ 1.8లో దాని వాటా కూడా కలిసి ఉంటుంది. ఒక ముక్క కోసి చూస్తే ఏది ఎంతో తెలిసిపోతుంది.

పరిష్కారం: పీవీసీకి మారడమే నా సలహా. అదే 50 మి.మీ. లోపలి వ్యాసంతో సెకనుకు 3.7 లీటర్ల దాకా వస్తాయి. అయితే పీవీసీ సైజు చెప్పేది బయటి వ్యాసం. "50" అని కొంటే లోపల 45 దగ్గర ఉండొచ్చు, అప్పుడు 2.9 లీటర్లకు మించవు. 63 తీసుకోండి.

పైపులో పోయేది చిక్కటి చల్లటి నూనె అయితే ఈ వైద్యం పనిచేయదు. అక్కడ ప్రవాహం సాధారణంగా లామినార్, f = 64/Re. మామూలు గరుకుదనానికి ఆ లెక్కలో చోటే లేదు. వాల్వు తిప్పి ప్రవాహాన్ని సగం చేసి చూడండి: పైపులో ప్రెషర్ నష్టం సగమైతే లామినార్, నాలుగో వంతుకు దగ్గరగా పడితే టర్బులెంట్. లామినార్ అని తేలితే నూనెను వేడి చేయాలి, లేదా పెద్ద పైపు వేయాలి.