కార్యాలయ లేఖలు, 6వ పాఠం: హోటల్ నుంచి క్రూయిజ్ నౌకకు వెళ్లేటప్పుడు రాజీనామా లేఖ

విశాఖపట్నంలోని ఒక హోటల్ రిసెప్షనిస్టుకు క్రూయిజ్ నౌకలో గెస్ట్ సర్వీసెస్ ఉద్యోగం వచ్చిందనుకుని, ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్‌కు ఇవ్వవలసిన రాజీనామా లేఖను ఈ పాఠంలో తయారుచేద్దాం.

ముందుగా తేదీ సంగతి చూడాలి. నౌక ఉద్యోగాల్లో ఎంపిక పత్రం అందినంత మాత్రాన ప్రయాణం ఖాయమైనట్టు కాదు. వైద్య పరీక్ష, భద్రతా శిక్షణ ధ్రువపత్రాలు, వీసా వంటివన్నీ పూర్తయ్యాకే ఏ రేవులో, ఏ రోజు నౌక ఎక్కాలో కంపెనీ తేల్చి చెబుతుంది. ఆ తేదీ కూడా వెనక్కి జరగవచ్చు. కాబట్టి వీసా చేతికి రాకముందే రాజీనామా ఇవ్వకపోవడం మంచిది. లేఖలో నౌక ఎక్కే తేదీ కాక, హోటల్‌లో చివరి పనిదినమే ఉండాలి. నియామక పత్రంలో నోటీసు గడువు 30 రోజులని ఉంటే, మే 31న లేఖ ఇచ్చినవారికి చివరి పనిదినం జూన్ 30 అవుతుంది.

ఇక లేఖ:

తేదీ: మే 31

గౌరవనీయులైన ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ గారికి,

విషయం: రిసెప్షనిస్టు ఉద్యోగానికి రాజీనామా

క్రూయిజ్ నౌకలో గెస్ట్ సర్వీసెస్ విభాగంలో ఉద్యోగం లభించినందున, నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రంలోని 30 రోజుల నోటీసు ప్రకారం జూన్ 30 నా చివరి పనిదినం.

గది సిద్ధం కాక ఆగ్రహించిన అతిథితో ఎలా మాట్లాడాలో మీరు నా పక్కనే నిలబడి నేర్పారు. ఆ శిక్షణకు, రాత్రి షిఫ్టును నమ్మి నాకు అప్పగించినందుకు హృదయపూర్వక కృతజ్ఞతలు.

నా స్థానంలో వచ్చేవారికి చెకిన్, బిల్లింగ్, రాత్రి లెక్కల ముగింపు, విదేశీ అతిథుల వివరాలను 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో పంపే విధానం దగ్గరుండి చూపిస్తాను. జులై నెల గ్రూప్ బుకింగులు, వసూలు కావలసిన బిల్లుల జాబితా జూన్ 20 లోపు మీకు అందజేస్తాను. కౌంటర్ నగదును, తాళాలను చివరి రోజు మీ సమక్షంలో లెక్కచూపి అప్పగిస్తాను.

రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయ,
(సంతకం)

ఈ లేఖకు బలం అప్పగింత పేరాలో ఉంది. ‘అవసరమైన సహాయం చేస్తాను’ అని మాత్రమే రాస్తే మేనేజర్‌కు ఏమీ తెలియదు. ఏ పని, ఎప్పటిలోపు, ఎవరి ముందు అన్నది ఉంటేనే ఆయన షిఫ్టుల పట్టిక మార్చుకోగలరు. నగదును ఇద్దరూ లెక్కపెట్టి రిజిస్టరులో సంతకాలు చేయడం మరీ ముఖ్యం, ఎందుకంటే తరువాత తేడా బయటపడితే మీరు సముద్రం మీద ఉంటారు, సంజాయిషీ చెప్పుకునే వీలుండదు. అదే కారణంతో, లాగిన్ పాస్‌వర్డును కొత్తవారికి చెప్పకుండా, మీ ఖాతాను చివరి రోజున మూసివేయించండి.

జీతం పోలికలు, హోటల్ మీద ఫిర్యాదులు ఈ లేఖలో వద్దు. కృతజ్ఞత కూడా ఒక్క నిజమైన సంఘటనతో రెండు వాక్యాలకు మించకూడదు. పొగడ్త పెరిగేకొద్దీ అది ధ్రువపత్రం కోసమేనన్న అనుమానం కలుగుతుంది.

అభ్యాసం: మీరు పగటి షిఫ్టులో ఉన్నారని, నోటీసు గడువు 15 రోజులేనని భావించి, అప్పగింత పేరాను తేదీలతో సహా తిరగరాయండి.