థీసిస్ నుంచి వైవా ప్రశ్నల షీట్ తయారు చేసుకోవడం ఎలా?

వైవా తేదీ ఖరారైందని తెలియగానే చాలామంది మొదటి పేజీ నుంచి థీసిస్ చదవడం మొదలుపెడతారు. నేనూ అదే చేశాను. మూడు రోజులు చదివాక తెలిసింది, నేను రాసింది నాకు నచ్చుతోందే తప్ప ఒక్క ప్రశ్న కూడా తయారు కావడం లేదని. మన థీసిస్‌ని మనమే చదివితే అన్నీ సబబుగానే కనిపిస్తాయి. ప్రశ్నలు రావాలంటే ఇంకోలా చదవాలి.

ఉదాహరణకి ఒక థీసిస్ అనుకుందాం. విషయం పొందూరులో ఖాదీ నూలు వడికే మహిళల జీవనోపాధి. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద సన్నని నూలు తీసే పని అది. పరిశోధకురాలు 60 మందితో మాట్లాడింది. అధ్యాయాలు మామూలువే: పరిచయం, పూర్వ పరిశోధనల సమీక్ష, పరిశోధనా విధానం, ఫలితాలు, ముగింపు. అంకెలన్నీ లెక్క చూపడానికి నేను వేసుకున్నవే.

ముందు సమర్పించిన బైండు కాపీనే దగ్గర పెట్టుకోండి. కంప్యూటర్లోని ఫైలు వద్దు. దాన్ని తర్వాత సరిదిద్ది ఉంటారు, పేజీ నంబర్లు కలవవు. ఎగ్జామినర్ చేతిలో ఉండేది బైండు కాపీ. ఆయన "82వ పేజీలో" అన్నప్పుడు మన షీట్‌లోనూ అది 82 అయి ఉండాలి.

పీహెచ్‌డీ అయితే ఎగ్జామినర్ల రిపోర్టులు వైవాకి ముందే వస్తాయి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్‌ని కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చూడాలి, వాళ్లలో కనీసం ఒకరు వైవా బోర్డులో ఉండాలి. రిపోర్టులో రాసిన సందేహాలు ఎలాగూ అడుగుతారు కాబట్టి షీట్‌లో మొదట ఎక్కాల్సినవి అవే. గైడ్‌ని అడిగి తీసుకుని, ప్రతి సందేహం ఏ అధ్యాయానిదో చూసి దాని కింద రాసుకోండి. వైవా బహిరంగంగా జరుగుతుంది గనుక తోటి స్కాలర్లు, ఇతర అధ్యాపకులు కూడా అడగవచ్చు.

ఇప్పుడు పెన్సిల్ పట్టుకుని చదవండి. మీరు ఏదో ఒకటి ఎంచుకున్న చోటల్లా గీత గీయాలి. పొందూరునే ఎందుకు? 60 మందే ఎందుకు? మహిళలనే ఎందుకు? మనం ఒకటి ఎంచుకున్నామంటే ఇంకొకటి వదిలేశామన్నమాట. ఎగ్జామినర్ అడిగేది ఆ వదిలేసినదాని గురించే. ఇలా చూస్తే పరిచయంలో ఆరేడు గీతలు పడతాయి, పరిశోధనా విధానంలో ఇరవై దాకా పడతాయి. షీట్ కూడా అలాగే ఎగుడుదిగుడుగా ఉండాలి. అధ్యాయానికి పదేసి చొప్పున సమానంగా పంచుకోకండి.

షీట్‌లో నాలుగు గడులు చాలు: పేజీ, ప్రశ్న, రెండు వాక్యాల జవాబు, దాని వెనకే వచ్చే ప్రశ్న. ఈ నాలుగో గడే అసలైనది. మొదటి ప్రశ్నకి అందరూ జవాబు చెబుతారు. ఎగ్జామినర్ రెండో ప్రశ్నని ఆ జవాబులోంచే తీస్తారు.

రెండో అధ్యాయం త్వరగా తెమిలిపోతుంది. మీరు ఎత్తి చూపిన లోటు ఏమిటి, మీతో విభేదించే పరిశోధన ఏది, ఈ మధ్య వచ్చినది ఏది అన్నవి ఉంటే చాలావరకు సరిపోతుంది. గ్రంథసూచిలో పేరు ఉండి మీరు చదవనివి ఉంటే మాత్రం ఇప్పుడైనా చదవండి. ఆ పుస్తకం ఎగ్జామినర్ గారిదే కావచ్చు.

మూడో అధ్యాయం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. మన ఉదాహరణలో ఆ 60 మందిని ఎలా పట్టుకున్నారు? ఒకామె చెబితే ఇంకొకామె ఇంటికి వెళ్లారు, అంటే స్నోబాల్ శాంపిల్. ప్రశ్న: ఈ పద్ధతే ఎందుకు? జవాబు: వడికేవారి పూర్తి జాబితా దొరకలేదు కాబట్టి. వెనకే వచ్చే ప్రశ్న: అలాగైతే ఒకరికొకరు తెలిసినవాళ్లే వచ్చారు కదా, ఎవరితోనూ సంబంధం లేకుండా ఇంట్లో వడుక్కునే ఆమె ఏమైంది? దీనికి నిజాయితీగా చెప్పాల్సింది ఇది: "ఆమె నా శాంపిల్‌లో లేదు. అందుకే నా ఫలితాలని పొందూరు మొత్తానికి వర్తింపజేయలేదు." ఆ మాట అనేముందు థీసిస్‌లో ఎక్కడైనా వర్తింపజేశారేమో వెతకండి. వెతికితే తరచుగా దొరుకుతుంది.

నాలుగో అధ్యాయంలో ప్రతి టేబుల్‌కీ ఒక ప్రశ్న రాయండి. ఒక టేబుల్ తీసుకుందాం. 40 లోపువాళ్లు 8 మంది, 40 నుంచి 60 మధ్య 30 మంది, 60 దాటినవాళ్లు 22 మంది. కూతురు కూడా ఈ పని చేయాలన్నవాళ్లు మొత్తం 12 మంది, వద్దన్నవాళ్లు 48. వయసుకీ ఈ కోరికకీ సంబంధం ఉందని కై-స్క్వేర్ పరీక్షతో తేల్చారు. 40 లోపు, "చేయాలి" అన్న గడికి రావలసిన అంచనా సంఖ్య 8ని 12తో గుణించి 60తో భాగిస్తే 1.6. 60 దాటినవాళ్ల గడికి అదే లెక్కన 4.4. ఆరు గడుల్లో రెండు 5 కన్నా తక్కువ. ఐదో వంతు గడులకి మించి ఇలా ఉండకూడదన్నది సాధారణంగా పాటించే నియమం. ఇది ఎగ్జామినర్ కంట పడకముందే మీ కంట పడితే, ఫిషర్స్ ఎగ్జాక్ట్ టెస్ట్ చేసి చూసి, ఫలితం మారిందో లేదో షీట్‌లో రాసుకోవచ్చు. మారితే మారిందనే చెప్పాలి. శాంపిల్ యాదృచ్ఛికంగా తీసింది కాదు గనుక అసలు ఈ పరీక్ష ఎంతవరకు చెల్లుతుందన్నది షీట్‌లోని నాలుగో గడిలోకి వస్తుంది.

అయిదో అధ్యాయాన్ని వెనక నుంచి చదవండి. ప్రతి సూచన పక్కనా అది ఏ టేబుల్ నుంచి వచ్చిందో రాయండి. ఏ టేబులూ దొరకని సూచన మీద ప్రశ్న పడుతుంది. మా ఊళ్లో వడికే పెద్దావిడ ఒకామె నన్ను అడిగింది: "అంత రాసేవు కదమ్మా, మా కూలి పెరుగుతాదేటి?" ఏ ఎగ్జామినరూ అంత సూటిగా అడగలేదు. ఆ ప్రశ్ననీ నా షీట్‌లో రాసుకున్నాను.

చివరగా ఇంకో పేజీ కావాలి. అధ్యాయాల మధ్య అతుకుల పేజీ అది. అధ్యాయాల వారీగా రాసుకుంటూ పోతే ఈ అతుకుల దగ్గరి ప్రశ్నలు జారిపోతాయి. మన ఉదాహరణలో ముగింపు ఇలా ఉంది: "కూలి తక్కువ కావడం వల్ల మహిళలు వడకడం మానేస్తున్నారు." మూడో అధ్యాయంలోని 60 మందీ ఇంకా వడుకుతున్నవాళ్లే! మానేసినవాళ్లని ఒక్కరినీ అడగలేదు. మూడో అధ్యాయంలోనూ తప్పు లేదు, అయిదో అధ్యాయాన్ని విడిగా చదివితే అందులోనూ లేదు. రెండూ పక్కపక్కన పెడితేనే బయటపడుతుంది. దీనికి జవాబు వాక్యాన్ని కుదించడమే: "ఇంకా వడుకుతున్నవారు, మానేసినవారి గురించి చెప్పిన కారణం ఇది." ఇలాంటివి పట్టుకోవడానికి పరిచయంలోని లక్ష్యాలనీ ముగింపులోని ఫలితాలనీ ఒకే కాగితం మీద ఎదురెదురుగా రాసి, మధ్యలో శాంపిల్ గురించి ఒక వాక్యం రాయండి.

షీట్ అయ్యాక మీ సబ్జెక్టు తెలియనివాళ్లకి ఇచ్చి వరస మార్చి అడగమనండి. మా తమ్ముడు అడిగాడు, వాడికి ఖాదీ అంటే ఆగస్టు పదిహేనే. థీసిస్ ఇంగ్లీషులో ఉంటే ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి తెలుగులో చెప్పి చూడండి. "అంటే ఏంటంటే" అని మొదలుపెట్టిన జవాబుల పక్కన చుక్క పెట్టమనండి. తిరిగి రాయాల్సినవి అవి మాత్రమే. వైవా గదిలోకి షీట్ తీసుకెళ్లకండి. అందులోని పేజీ నంబర్ల దగ్గర రంగు చీటీలు అంటించిన థీసిస్ చేతిలో ఉంటే చాలు.