పక్కన పెట్టిన ఫోన్ కాలుతోందా? బ్యాటరీ మార్చే ముందు రాత్రంతా మేలుకొని ఉన్న యాప్‌లో పెండింగ్ చూడండి

లక్షణం

రాత్రి పదింటికి 90 శాతంతో పక్కన పెట్టిన ఆండ్రాయిడ్ ఫోన్ పొద్దున ఆరింటికి 55కి వచ్చి ఉంటుంది. ఎవరూ ముట్టుకోలేదు. చేతిలోకి తీసుకుంటే వెనక వైపు, కెమెరా దగ్గర, వెచ్చగా తగులుతుంది. షాపుకి తెచ్చి "బ్యాటరీ పోయిండాది అన్నా, కొత్తది ఎయ్యి" అంటారు. కొత్తది వేస్తే రెండో రోజుకే మళ్లీ అదే వరస. తాగేది లోపలే ఉంటే కుండ మార్చి ఏం లాభం?

లెక్క చూడండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో 35 శాతమంటే 1750 ఎంఏహెచ్. ఎనిమిది గంటలకు పంచితే గంటకు దాదాపు 220. నిద్రలో ఉన్న మంచి ఫోన్ రాత్రంతా 3 శాతం దిగుతుంది, అంటే గంటకు 20 లోపే. పది రెట్లకు పైగా తేడా. అరిగిపోయిన బ్యాటరీ అయితే వాడుతుంటే గబగబా దిగుతుంది, 20 శాతం దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతుంది. కానీ ఊరికే పడి ఉన్నప్పుడు వేడెక్కదు. ఊరికే ఉన్నా వేడెక్కుతోందంటే లోపల ఎవరో పని చేస్తున్నట్టే.

ఈ పరీక్ష రాత్రిపూటే చెయ్యాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఒంగోలు బస్టాండులో నిలబడితే జేబులో ఉన్న ప్రతి ఫోనూ వేడిగానే ఉంటుంది. దాన్ని చూసి ఏమీ తేల్చలేం.

అందరూ వదిలేసే మొదటి చూపు

సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్. ఇది అందరికీ తెలుసు. కానీ తెరిచి శాతాలు మాత్రమే చూస్తారు. పైన యూట్యూబ్ ఉంటే "ఇదే తినేస్తోంది" అని మూసేస్తారు. శాతం కాదు చూడాల్సింది. ఒక్కో యాప్ మీద నొక్కితే స్క్రీన్ మీద ఎంతసేపు ఉంది, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంతసేపు ఉంది అని వేరువేరుగా చూపిస్తుంది. స్క్రీన్ మీద నాలుగు నిమిషాలు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఏడు గంటలు అని ఉన్న యాప్ దొరికిందా, దొంగ దొరికినట్టే. ఇదంతా పొద్దున లేవగానే, చార్జింగ్ పెట్టకముందే చూడండి. ఫుల్ చార్జ్ అయ్యాక లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే ఫోన్లు చాలా ఉన్నాయి.

పాటలు వినే యాప్‌కో, కాల్స్ వచ్చే యాప్‌కో బ్యాక్‌గ్రౌండ్ గంట, రెండు గంటలు ఉంటే తప్పేం లేదు. ఫోన్ ఎవరూ వాడని సమయమంతా మేలుకొని ఉన్న యాప్ ఏదన్నదే ప్రశ్న.

కారణం

స్క్రీన్ ఆరిపోగానే ప్రాసెసర్ నిద్రలోకి జారుకోవాలి. ఏదైనా పని మధ్యలో ఉన్న యాప్ "ఆగు, నిద్రపోవద్దు" అని సిస్టమ్‌ను అడగొచ్చు. దీన్నే వేక్‌లాక్ అంటారు. పని అయ్యాక ఆ తాళం యాపే తియ్యాలి. తియ్యకపోతే, లేదా తీసిన మరుక్షణం మళ్లీ వేస్తూ పోతే, స్క్రీన్ చీకటిగా ఉన్నా లోపల దీపం ఆరదు.

దీన్ని అదుపు చెయ్యడానికే 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది. ఫోన్ కదలకుండా కొంతసేపు పడి ఉంటే మామూలు యాప్‌ల వేక్‌లాక్‌లను అది పట్టించుకోదు. మరి ఇంకా ఈ బాధ ఎందుకంటే, డోజ్‌కి రెండు దొడ్డిదారులున్నాయి. ఒకటి, బ్యాటరీ సెట్టింగ్‌లో అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టిన యాప్. రెండు, నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్. మన వైపు పని యాప్‌లు చాలావాటికి ఈ రెండూ ఉంటాయి. హాజరు యాప్, సర్వే యాప్, రొయ్యల గుంటల మేత లెక్క రాసే యాప్, ఏదైనా సరే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే "బ్యాటరీలో అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టుకోండి, లేకపోతే లొకేషన్ రాదు" అని చెప్పి పెట్టిస్తారు. ఆ రోజుతోనే కాపలా పోయింది.

అసలు దొంగ: పైకి పోని ఒక్క ఫైలు

ఇందుకూరుపేట వైపు గుంటల మీద తిరిగే సూపర్‌వైజర్ ఫోన్ అనుకోండి. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే ఫొటోలు తీసి యాప్‌లో పెడుతుంటాడు. ఒకరోజు ఫొటో బదులు వీడియో తీశాడు, 80 ఎంబీ. కంపెనీ సర్వర్ అంత పెద్ద ఫైలు తీసుకోదు. ఫైలంతా పంపాక చివర్లో వద్దంటుంది. యాప్ రాసినవాళ్లు దాన్ని "నెట్ సరిగా లేదు, మళ్లీ పంపుదాం" అని అర్థం చేసుకునేలా రాశారు. అంతే, చక్రం మొదలు.

రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే 80 ఎంబీ చొప్పున పంతొమ్మిది సార్లకే అయిపోతుంది. అర్ధరాత్రి కొత్త రోజు డేటా రాగానే పంపడం మొదలుపెడుతుంది. సిగ్నల్ బాగుంటే ఒంటిగంటకల్లా మొత్తం ఖాళీ. ఆ తర్వాత స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ స్పీడులో 80 ఎంబీ ఒక్కసారి వెళ్లడానికే రెండు గంటల నలభై ఐదు నిమిషాలు పైన పడుతుంది. అంతసేపూ ప్రాసెసర్ మేలుకొని, టవర్‌తో మాట్లాడే రేడియో ఆన్‌లో ఉంటుంది. గుంటల దగ్గర టవర్ దూరమైతే రేడియో ఇంకా గట్టిగా అరవాలి కాబట్టి వేడి ఇంకా ఎక్కువ. అందుకే నిద్ర లేవగానే "మీ డేటా అయిపోయింది" అని మెసేజ్, పక్కనే కాలుతున్న ఫోన్ రెండూ కలిసి కనిపిస్తే ఇంకేమీ అనుమానించొద్దు, నేరుగా పెండింగ్ లిస్టుకు వెళ్లండి.

దీనికి తిరగేసిన రూపం కూడా ఉంది. స్టోరేజీ నిండిపోయినప్పుడు తీసిన ఫొటో సున్నా బైట్లతో మిగులుతుంది. దీనివల్ల డేటా ఖర్చవదు, అందుకే పట్టుకోవడం కష్టం. యాప్ పదిహేను సెకన్లకోసారి పంపబోయి విఫలమవుతుంది. ఒకసారి వాడాక రేడియో వెంటనే నిద్రపోదు, కొన్ని సెకన్లు అలాగే కాచుకొని ఉంటుంది. అది సర్దుకునేలోపే మళ్లీ పిలుపు. సరిగా రాసిన యాప్ అయితే మొదట 30 సెకన్లు, తర్వాత నిమిషం, రెండు నిమిషాలు అని విఫలమైన కొద్దీ వ్యవధి పెంచుకుంటూ పోతుంది. పెంచకుండా ఒకే వ్యవధిలో తలుపు కొట్టేవే మన ప్రాణం తీసేవి.

ఇంకో చిన్న సంగతి. ఆటోమేటిక్ డేట్ అండ్ టైమ్ ఆఫ్ చేసి తేదీ తప్పుగా ఉంటే సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరదు, అదే చక్రం తిరుగుతుంది. అర నిమిషం పని, ముందు అది చూసుకోండి.

"సింక్ అవుతోంది" అనే నోటిఫికేషన్ విసుగొచ్చి ఆఫ్ చేసేసి ఉంటే పైన ఏమీ కనబడదు. ఆండ్రాయిడ్ 13 నుంచి పైపట్టీని రెండుసార్లు కిందికి లాగితే అడుగున యాక్టివ్ యాప్స్ అని ఉంటుంది, నోటిఫికేషన్ ఆపినా ఈ సర్వీస్ అక్కడ దొరుకుతుంది.

పరిష్కారం

ముందు ఒక రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకోండి. పొద్దునకి ఒకటి రెండు శాతమే దిగితే నెట్‌తో ముడిపడిన చక్రమే అని తేలింది. అప్పటికీ ముప్పై దిగితే వేరే కథ, చివర్లో చెప్పాను.

తర్వాత ఆ యాప్ తెరిచి పెండింగ్ లేదా అన్‌సెంట్ లిస్టు చూడండి. అడ్డం పడింది సాధారణంగా అన్నిటికంటే పాతదే, మిగతావన్నీ దాని వెనక వరసలో ఉంటాయి. ఆ వీడియో గ్యాలరీలో ఉందో లేదో చూసుకొని లిస్టులోంచి దాన్నొక్కదాన్నే తీసెయ్యండి. మిగిలినవి వైఫైలో చకచకా వెళ్లిపోతాయి. వీడియో కావాల్సిందే అంటే చిన్నగా కత్తిరించి మళ్లీ పెట్టండి.

క్లియర్ డేటా మాత్రం నొక్కొద్దు. అన్‌ఇన్‌స్టాల్ కూడా వద్దు. పైకి పోని లెక్కలన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటాయి, నొక్కిన క్షణంలో పోతాయి. వారం రోజుల మేత లెక్క పోగొట్టుకుని ఆఫీసులో మాటలు పడేది ఇక్కడే. క్లియర్ క్యాష్ నొక్కొచ్చు. పెండింగ్ లిస్టే లేని యాప్ అయితే ఫోర్స్ స్టాప్ చేసి, అప్‌డేట్ చేసి చూడండి. అయినా తగ్గకపోతే, రికార్డులన్నీ అందాయని ఆఫీసువాళ్లు చెప్పాకే క్లియర్ డేటా.

రీసెంట్స్‌లోంచి పక్కకు తోసెయ్యడం పరిష్కారం కాదు. సర్వీస్ ఆగదు, ఆగినా తిరిగి లేస్తుంది. ఫోర్స్ స్టాప్ చేస్తే మళ్లీ మీరు తెరిచేదాకా లేవదు. డ్యూటీ అయ్యాక రాత్రికి అది చాలు. శాశ్వతంగా అయితే అన్‌రిస్ట్రిక్టెడ్ తీసి ఆప్టిమైజ్డ్ పెట్టండి. రిస్ట్రిక్టెడ్ పెడితే హాజరు లొకేషన్ ఆగిపోయే అవకాశం ఉంది.

బ్యాటరీ యూసేజ్‌లో ఎవరూ దొరక్కపోతే, షాపులో కంప్యూటర్ ఉన్నవాళ్లకి ఒక దారి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, స్క్రీన్ ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి ఇది కొట్టండి:

```
adb shell "dumpsys power | grep PARTIAL_WAKE_LOCK"
```

వచ్చే వరస ఇలా ఉంటుంది:

```
PARTIAL_WAKE_LOCK 'upload' ACQ=-41m20s LONG (uid=10234 pid=8121)
```

ACQ పక్కన ఉన్నది తాళం వేసి ఎంతసేపయిందో. సెకన్లలో ఉంటే వదిలెయ్యండి, నలభై నిమిషాలంటే అదే. ఆ uid ఏ యాప్‌దో ఇలా తెలుస్తుంది:

```
adb shell "pm list packages -U | grep 10234"
```

ఒకసారి కొట్టి ఏమీ లేదని ఊరుకోవద్దు. పదిహేను సెకన్లకోసారి లేచే రకం మధ్యలో దొరకదు, ఐదారు సార్లు కొట్టాలి. పేరు దగ్గర AudioMix అని వస్తే ఏదో యాప్ శబ్దం దారి తెరిచి మూయలేదని అర్థం. చివరగా ఆడియో వాడిన గేమో, వీడియో యాపో ఫోర్స్ స్టాప్ చేస్తే సరిపోద్ది.

అరుదైనవి

సిస్టమ్ అప్‌డేట్ అయిన ఒకటి రెండు రోజులు వేడి మామూలే, వదిలెయ్యండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ దిగుతుంటే, వేసుకున్న యాప్‌లేవీ నడవని సేఫ్ మోడ్‌లో ఒక రాత్రి పెట్టండి. తగ్గితే మీరు వేసుకున్న యాప్‌లలోనే ఒకటి, కొత్తగా వేసిన దాని నుంచి ఒక్కొక్కటీ తీస్తూ రండి. తగ్గకపోతే బోర్డు చూడాలి. వేడి కెమెరా దగ్గర కాకుండా కింద చార్జింగ్ పిన్ దగ్గర ఉంటే పిన్‌లో తడి, తుప్పు చూడండి, ఉప్పుగాలి ఉన్న చోట ఇది ఉంటుంది. వెనక మూత పైకి లేచి ఉంటే మాత్రం ఇవేవీ వద్దు, చార్జింగ్ పెట్టకుండా, స్విచాఫ్ చేసి అప్పుడే బ్యాటరీ మార్పించండి.